తెర ఆయుష్షు వేరు, యాప్‌ల ఆయుష్షు వేరు
ఐదేళ్లు దాటిన స్మార్ట్ టీవీ గురించి ఒక సమీక్ష

టీవీ కొనే ముందు మనం చూసే రివ్యూలు దాదాపు అన్నీ కొత్త టీవీ మీద చేసినవే. పెట్టె విప్పిన వారంలోనో నెలలోనో చెప్పిన మాటలవి. రంగులు ఎలా ఉన్నాయి, మోత ఎంత ఉంది, మెనూ ఎంత చురుగ్గా కదులుతోంది అన్నది అప్పటికి నిజమే కావచ్చు. కానీ మధ్యతరగతి ఇంట్లో టీవీని ఏడెనిమిదేళ్లయినా వాడాలన్న లెక్కతోనే కొంటారు. ఆ ఏడెనిమిదేళ్లలో ఏ భాగం ముందు నీరసిస్తుంది, ఏది చివరిదాకా నిలుస్తుంది, ఏది బాగు చేయించుకోవచ్చు, ఏది చేయించుకోలేం అన్న సంగతి వారం రోజుల వాడకంలో ఎవరికీ తెలియదు.

ఈ వ్యాసం రాయడానికి ఆధారం కాకినాడలో మా ఇంటి హాల్లో ఉన్న టీవీ. 2020 దసరా అమ్మకాల్లో ముప్పై వేల లోపు ధరకు కొన్న 43 అంగుళాల 4కె ఎల్ఈడీ ఆండ్రాయిడ్ టీవీ అది. 2 జీబీ ర్యామ్, 8 జీబీ స్టోరేజ్, 20 వాట్ల స్పీకర్లు. పొద్దున భక్తి పాటలతో మొదలై రాత్రి సినిమా దాకా రోజూ చాలా గంటలు నడుస్తుంది. కంపెనీ పేరు ఇక్కడ అవసరం లేదు. ఆ ధరలో దొరికే టీవీల లోపలి నిర్మాణం ఏ పేరుతో వచ్చినా ఇంచుమించు ఒకటే, వాటిలో వచ్చే ఇబ్బందులూ ఒకటే. ఇన్నేళ్ల వాడకంలో నాకు స్థిరపడిన అభిప్రాయాన్ని ముందే చెబుతాను. స్మార్ట్ టీవీ అంటే ఒక తెర, ఒక చిన్న కంప్యూటర్ కలిపి అమ్మే వస్తువు. కంప్యూటర్ మూడు నాలుగేళ్లకే అలసిపోతుంది. తెర అంతకు రెట్టింపు కాలం నిలుస్తుంది, మనం నిలవనిస్తే.

బొమ్మ: వెలిగేది తెర కాదు, వెనకున్న దీపాలు

ఎల్ఈడీ టీవీ అని మనం పిలిచే దానిలో బొమ్మను చూపించేది ఎల్‌సీడీ పలక. అది తనంతట తాను వెలగదు. దాని వెనక సన్నటి పట్టీల మీద వరసగా చిన్న చిన్న ఎల్ఈడీ దీపాలు ఉంటాయి. బ్యాక్‌లైట్ అంటే అదే. ఆ వెలుగు పలక గుండా వస్తేనే మనకు బొమ్మ కనిపిస్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ తగ్గేది సాధారణంగా పలక నాణ్యత కాదు, ఈ దీపాల బలం. రోజూ చూసే కళ్లకు ఆ తగ్గుదల తెలియదు. తెల్లటి బొమ్మ ఒకటి తెర నిండా పెట్టి చూస్తే తెలుస్తుంది. ఎక్కడైనా మసకబారిన చారలు కనిపిస్తే అక్కడి దీపాలు నీరసించాయని అర్థం. తెల్లటి గుండ్రటి మచ్చలు మెరుస్తూ కనిపిస్తే దీపం మీద ఉండే చిన్న ప్లాస్టిక్ లెన్స్ వేడికి జిగురు వదిలి ఊడిపోయిందని అర్థం.

ఈ దీపాలను త్వరగా అరగదీసేది వేడి. ఆ వేడికి మూలం ఎక్కువసార్లు మనం పెట్టుకునే సెట్టింగే. షోరూముల్లో పట్టపగలు లాంటి వెలుతురులో పక్క టీవీ కన్నా మెరవాలి కాబట్టి ప్రతి టీవీనీ Vivid అనే మోడ్‌లో, బ్యాక్‌లైట్ నూటికి నూరు పెట్టి చూపిస్తారు. ఇంటికొచ్చాక కూడా చాలామంది అలాగే వదిలేస్తారు. మా టీవీని మొదటి నెలలోనే Movie మోడ్‌కు మార్చి, బ్యాక్‌లైట్ పగలు 70, రాత్రి 50 దగ్గర ఉంచాం. మొదటి రెండు మూడు రోజులు బొమ్మ కాస్త పసుపుగా కనిపించింది. అది లోపం కాదు. సినిమా వాళ్లు రంగులు దిద్దేటప్పుడు ప్రమాణంగా పెట్టుకునే తెలుపు అదే. Vivid మోడ్ దానికి నీలం కలుపుతుంది. కళ్లు అలవాటు పడ్డాక మనుషుల ఒంటి రంగు, పట్టుచీర అంచు, పచ్చటి పొలం నిజానికి దగ్గరగా కనిపిస్తాయి. ఒక జాగ్రత్త: చాలా టీవీల్లో Brightness అనే మీట వెలుగును మార్చదు, నలుపు ఎంత నల్లగా ఉండాలో మారుస్తుంది. వెలుగు తగ్గించేది Backlight అనే మీట. కొన్ని కంపెనీలు మాత్రం దీన్నే Brightness అంటాయి. మీట జరిపినప్పుడు తెర మొత్తం వెలుగు తగ్గితే అది బ్యాక్‌లైట్. నల్లటి జుట్టు, నీడలు మాత్రమే మారితే అది రెండోది.

వాడగా వాడగా తెలిసిన ఇంకో సంగతి పక్కనుంచి చూసే బొమ్మ. ఎల్‌సీడీ పలకల్లో ప్రధానంగా రెండు రకాలు. వీఏ రకంలో నలుపు చిక్కగా ఉంటుంది, చీకటి దృశ్యాలు బాగుంటాయి. కానీ పక్కకు జరిగి చూస్తే రంగులు వెలిసిపోతాయి. ఐపీఎస్ రకంలో పక్కనుంచి చూసినా రంగు నిలుస్తుంది, కానీ చీకటి గదిలో నలుపు బూడిద రంగులా కనిపిస్తుంది. మాది వీఏ. ఎదురుగా సోఫాలో కూర్చున్న వాళ్లకు చాలా బాగుంటుంది. పక్కన దివాన్ కాట్ మీద పడుకుని చూసే మా అమ్మకు అదే సినిమా పాలిపోయి కనిపిస్తుంది. టీవీని కాస్త అటు తిప్పగలిగే గోడ స్టాండు బిగించాక ఆ ఇబ్బంది చాలావరకు తీరింది. మన ఇళ్లలో అందరూ ఎదురుగా కూర్చోరు. హాలు వెడల్పుగా ఉండి మూడు వైపులా మనుషులు కూర్చునే ఇల్లయితే ఐపీఎస్ పలక, చీకటి చేసుకుని సినిమా చూసే ఇల్లయితే వీఏ పలక నప్పుతాయి. షోరూములో అడిగితే చెప్పకపోవచ్చు. టీవీకి ఎదురుగా నిలబడి చూసి, తర్వాత బాగా పక్కకు జరిగి చూస్తే మనకే తెలుస్తుంది.

4కె అన్న మాట విషయంలో కూడా అనుభవం కొంత నేర్పింది. టీవీ 4కె అయినా, లోపలికి వచ్చే బొమ్మ 4కె అయితే తప్ప ఆ నాణ్యత రాదు. మామూలు డీటీహెచ్ చానల్‌లో బొమ్మకు 576 గీతలే ఉంటాయి. టీవీ వాటిని 2160 గీతలకు సాగదీయాలి. అందుకే కొత్త టీవీలో పాత చానళ్లు మరీ మసకగా కనిపించి, టీవీయే బాగాలేదనిపిస్తుంది. మేం చూసే నాలుగైదు చానళ్లను హెచ్‌డీకి మార్చుకోవడంతో వచ్చిన తేడా ఏ సెట్టింగుతోనూ రాలేదు. నెట్‌ఫ్లిక్స్‌లో 4కె కావాలంటే అన్నిటికన్నా పై ప్లాన్ తీసుకోవాలి. మొబైల్ ప్లాన్ అసలు టీవీలో పనిచేయదు.

హెచ్‌డీఆర్ అన్న ముద్ర మీద మాత్రం ఈ ధరలో ఆశ పెట్టుకోవద్దు. హెచ్‌డీఆర్ సినిమాలను వెయ్యి నిట్లు, అంతకు మించిన వెలుగు ఇచ్చే తెరల కోసం దిద్దుతారు. మధ్యతరగతి ధరలో దొరికే టీవీల వెలుగు ఎక్కువగా 250, 300 నిట్ల దగ్గరే ఆగిపోతుంది. అందుకే వెబ్ సిరీస్‌లో రాత్రి దృశ్యం వస్తే ఎవరు ఎవరో కనిపించనంత చీకటిగా ఉంటుంది. అలాంటప్పుడు మాత్రం బ్యాక్‌లైట్ పూర్తిగా పెంచుకోవడం, గదిలో దీపాలు ఆర్పుకోవడం తప్ప దారి లేదు. సినిమా చూస్తుంటే అందరూ సీరియల్‌లో లాగా మరీ నున్నగా కదులుతున్నట్టు అనిపిస్తే దానికి కారణం వేరు. సినిమాకు సెకనుకు 24 చిత్రాలు. టీవీ తనంతట తాను మధ్యలో చిత్రాలు కల్పించి కలుపుతుంది. సోనీలో Motionflow, ఎల్‌జీలో TruMotion, ఇలా తలో పేరు పెట్టుకున్న ఆ సెట్టింగును సినిమాలకు ఆపేసి, క్రికెట్‌కు ఉంచుకుంటే సరిపోతుంది.

ధ్వని: పాట గట్టిగా, మాట సన్నగా

ఇంట్లో అందరూ మొదటి వారం నుంచీ చెప్పిన ఫిర్యాదు ఒకటే. పాట వస్తే చెవులు అదిరిపోతాయి, మాటలొస్తే వినబడవు. రిమోట్ చేతిలో పట్టుకుని పెంచుతూ తగ్గిస్తూ కూర్చోవాలి. దీనికి రెండు కారణాలు. ఒకటి, తెర పలచబడేకొద్దీ స్పీకర్లకు చోటు తగ్గి, అవి కింది అంచున నేల వైపు తిరిగి ఉంటాయి. శబ్దం ముందు కిందికి పోయి, దేనికో తగిలి మన వైపు వస్తుంది. టీవీ బల్ల మీద ఉంటే బల్ల దాన్ని తిప్పి పంపుతుంది. గోడకు ఎత్తున బిగిస్తే ఆ పాటి సాయం కూడా ఉండదు. మా టీవీని గోడకెక్కించిన రోజునే మాటల స్పష్టత తగ్గింది.

రెండో కారణం సినిమా శబ్దంలోనే ఉంది. ఓటీటీలో వచ్చే 5.1 ధ్వనిలో సంభాషణలన్నీ ప్రధానంగా నడిమి స్పీకర్ కోసం వేరుగా ఉంటాయి. మన టీవీకి ఉన్నవి రెండే స్పీకర్లు. ఆరు దారులను రెండింటిలోకి కుదించేటప్పుడు నేపథ్య సంగీతం కింద మాట నలిగిపోతుంది. ఓటీటీలో భాష ఎంచుకునే చోట తెలుగు పక్కన 5.1 అని ఒకటి, ఏమీ లేకుండా ఒకటి కనిపిస్తే ఏమీ లేనిదాన్ని ఎంచుకోండి. టీవీ సౌండ్ సెట్టింగుల్లో Clear Voice, Dialogue, Speech లాంటి మోడ్ ఉంటే దాన్ని పెట్టండి. ఈ రెండు మార్పులతో ఖర్చు లేకుండా సగం సమస్య తీరుతుంది.

మిగిలిన సగం తీరాలంటే సౌండ్‌బార్ కావాలి. తెర కింద మన వైపు తిరిగి ఉండే ఆరేడు వేల చిన్న సౌండ్‌బార్ కూడా మాటను సూటిగా వినిపిస్తుంది. దాన్ని బ్లూటూత్‌తో కాకుండా టీవీ వెనక ARC అని రాసి ఉన్న హెచ్‌డీఎంఐ రంధ్రానికి కలపాలి. బ్లూటూత్‌లో శబ్దం కాస్త ఆలస్యంగా వచ్చి పెదవులకూ మాటకూ పొంతన తప్పుతుంది. ఏఆర్‌సీ ద్వారా కలిపితే టీవీ రిమోట్‌తోనే సౌండ్‌బార్ మోత పెంచుకోవచ్చు, మళ్లీ ఇంకో రిమోట్ పట్టుకోనక్కర్లేదు. టీవీ స్పీకర్లు ఇన్నేళ్లలో పాడవలేదు. అవి కొత్తలోనూ అంతంత మాత్రమే, ఇప్పుడూ అంతే.

రిమోట్: పాడైందో, బంధం తెగిందో

స్మార్ట్ టీవీ రిమోట్‌లో రెండు దారులు ఉంటాయి. పవర్ బటన్ లాంటివి పాతకాలం రిమోట్ మాదిరే కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ కాంతితో పనిచేస్తాయి. మైకు, చాలా రిమోట్లలో మిగిలిన బటన్లు కూడా, బ్లూటూత్‌తో పనిచేస్తాయి. ఈ తేడా తెలిస్తే సగం రిమోట్ కష్టాలు ఇంట్లోనే తీరిపోతాయి. టీవీ ఆన్ అవుతోంది కానీ మాట పట్టుకోవడం లేదంటే రిమోట్ పాడవలేదు, బ్లూటూత్ బంధం తెగింది. సెట్టింగుల్లో రిమోట్‌ను మళ్లీ జత చేస్తే చాలు. కరెంటు పోయి వచ్చినప్పుడు, టీవీ అప్‌డేట్ అయినప్పుడు మాకు ఇది తరచూ జరిగేది. అసలు టీవీయే ఆన్ కాకపోతే ఫోన్ ముందు వైపు కెమెరా తెరిచి, రిమోట్ మూతిని దాని వైపు పెట్టి పవర్ బటన్ నొక్కాలి. కెమెరాలో ఊదా రంగు వెలుగు మినుకుమంటే రిమోట్ బాగానే ఉన్నట్టు, తప్పు టీవీ వైపుది. వెనక కెమెరాలో ఆ కాంతిని అడ్డుకునే వడపోత ఉంటుంది కాబట్టి చాలా ఫోన్లలో ముందు కెమెరాలోనే కనిపిస్తుంది.

ఇన్నేళ్లలో నిజంగా అరిగినవి రెండు బటన్లు: మధ్యలో ఉండే ఓకే, వాల్యూమ్. రబ్బరు కింద ఉండే నల్లటి కార్బన్ చుక్క అరిగిపోయి, గట్టిగా నొక్కితే తప్ప పలికేవి కావు. బజారులో దొరికే డూప్లికేట్ రిమోట్ మూడు వందలకే వస్తుంది. కానీ ఎక్కువగా అందులో ఇన్‌ఫ్రారెడ్ ఒక్కటే ఉంటుంది. మైకు పనిచేయదు. కంపెనీ సర్వీస్ సెంటర్‌లో అసలు రిమోట్ కొనడానికి అంతకు మూడు నాలుగు రెట్లు పెట్టాం. ఇంట్లో పెద్దవాళ్లుంటే ఆ ఖర్చు పెట్టదగినదే. అంకెల బటన్లు లేని ఈ రిమోట్‌తో అక్షరం అక్షరం జరుపుతూ సినిమా పేరు టైపు చేయడం మా అమ్మ వల్ల కాదు. మైకు నొక్కి తెలుగులో అడిగితే పాత పాటలు, ప్రవచనాలు నేరుగా వచ్చేస్తాయి. కొత్త సినిమాల ఇంగ్లిష్ పేర్లను మాత్రం ఒక్కోసారి వేరుగా అర్థం చేసుకుంటుంది.

యాప్‌లు: మూడో ఏటి నుంచి మొదలయ్యే నీరసం

కొన్న రోజున ఈ టీవీలో యాప్ తెరిచేందుకు నాలుగైదు సెకన్లు పట్టేది. మూడో ఏడు వచ్చేసరికి అది అర నిమిషం దాటింది. హోమ్ బటన్ నొక్కితే బొమ్మలు ఒక్కొక్కటే తెరుచుకునేవి. మధ్యమధ్యలో యాప్ దానంతట అదే మూసుకుపోయేది. టీవీ లోపలి కంప్యూటర్ నీరసించిందని అనిపిస్తుంది గానీ, అది మొదటి రోజు ఎంతో ఇప్పుడూ అంతే. మారింది దాని మీద పడే బరువు. 8 జీబీ స్టోరేజ్‌లో టీవీ సొంత సాఫ్ట్‌వేర్ పోను మనకు మిగిలేది అందులో సగం. యాప్ ప్రతి అప్‌డేట్‌తోనూ పెరుగుతుంది. హోమ్ స్క్రీన్‌లో ప్రకటనలు పెరుగుతాయి. 2 జీబీ ర్యామ్ అదే ఉంటుంది.

వాడని యాప్‌లు తీసేయడం, Settings లోని Apps కు వెళ్లి ఒక్కో యాప్‌కు Clear cache నొక్కడం కొంత ఊపిరి పోస్తాయి. అంతా తుడిచి మొదటి స్థితికి తెచ్చే ఫ్యాక్టరీ రీసెట్ కూడా చేశాం. కొన్ని నెలలు చురుగ్గా ఉంది, తర్వాత మళ్లీ మామూలే. అసలు సమస్య ఇంకా లోతుగా ఉంది. టీవీ కంపెనీ తన సాఫ్ట్‌వేర్‌ను మొదటి రెండేళ్లు నవీకరించింది, తర్వాత ఆపేసింది. యాప్ కంపెనీలు మాత్రం ముందుకు పోతూనే ఉంటాయి. ఏదో ఒక రోజు మీ టీవీ వెర్షన్‌కు ఇక ఈ యాప్ రాదని తేల్చేస్తాయి. 2019 డిసెంబరులో నెట్‌ఫ్లిక్స్ కొన్ని పాత టీవీల్లో పనిచేయడం ఆగిపోయింది. వాటి తెరలు బాగానే ఉన్నాయి. తెర బాగుండగానే యాప్‌లు ఆగిపోవడం స్మార్ట్ టీవీ అన్న వస్తువులోనే ఉన్న చిక్కు.

దీనికి మందు కొత్త టీవీ కాదు. టీవీ హెచ్‌డీఎంఐ రంధ్రానికి పెట్టే స్ట్రీమింగ్ స్టిక్. మూడు నుంచి ఐదారు వేలలో దొరుకుతుంది. అది పెట్టిన రోజు నుంచి మా టీవీ మళ్లీ కొత్తదానిలా కదులుతోంది. టీవీలో వైఫై ఆపేశాం. ఇప్పుడది తెర మాత్రమే, కంప్యూటర్ పని అంతా స్టిక్‌ది. రేపు అది కూడా అలసిపోతే మార్చేది దాన్నే. స్టిక్ పెట్టేటప్పుడు మూడు సంగతులు చూసుకోవాలి. కరెంటు టీవీ వెనకున్న యూఎస్‌బీ నుంచి కాకుండా స్టిక్‌తో వచ్చిన అడాప్టర్ నుంచే ఇవ్వాలి. టీవీ యూఎస్‌బీ ఇచ్చే కరెంటు చాలక అది మాటిమాటికీ ఆగి మళ్లీ మొదలవుతుంది. 4కె స్టిక్ అయితే టీవీలో ఆ హెచ్‌డీఎంఐ రంధ్రానికి సంబంధించిన సెట్టింగును Enhanced లేదా 2.0 కు మార్చాలి. లేకపోతే కొన్ని టీవీల్లో పూర్తి నాణ్యత రాదు. మూడోది, మరీ చౌకగా దొరికే పేరులేని ఆండ్రాయిడ్ పెట్టెల జోలికి పోకూడదు. పెద్ద ఓటీటీల బొమ్మకు వైడ్‌వైన్ ఎల్1 అనే భద్రతా ధ్రువీకరణ కావాలి. అది లేని పెట్టెల్లో యాప్ తెరుచుకున్నా బొమ్మ పాత డీవీడీ నాణ్యతలోనే వస్తుంది. పేరులేని చౌక స్మార్ట్ టీవీలకూ ఇదే మాట వర్తిస్తుంది.

సర్వీస్: చీకటైన తెర, వినిపిస్తున్న మాట

2024 వేసవిలో ఒక సాయంత్రం తెర ఒక్కసారి మిణుకుమని నల్లబడింది. మాటలు మాత్రం వినిపిస్తూనే ఉన్నాయి, రిమోట్‌కు వాల్యూమ్ మారుతోంది. ఇలాంటప్పుడు చేయాల్సిన పరీక్ష ఒకటుంది. గది చీకటి చేసి, టీవీ ఆన్‌లో ఉంచి, టార్చి లైటును తెరకు దగ్గరగా ఏటవాలుగా పట్టుకోవాలి. ఆ వెలుగు పడిన చోట సన్నగా బొమ్మ కదులుతూ కనిపిస్తే పలక బాగానే ఉన్నట్టు, ఆరిపోయింది వెనకున్న దీపాలు, లేదా వాటికి కరెంటు ఇచ్చే సర్క్యూటు. మాకు బొమ్మ కనిపించింది. ఈ దీపాలను వరసగా ఒకదానికొకటి కలిపి ఉంచుతారు. ఒక్కటి తెగినా ఆ వరస మొత్తానికి కరెంటు ఆగిపోతుంది, చాలా టీవీల్లో రక్షణ కోసం మిగతావి కూడా ఆరిపోతాయి.

వారంటీ అప్పటికే అయిపోయింది. టోల్‌ఫ్రీ నంబరుకు ఫోన్ చేస్తే ఫిర్యాదు సంఖ్య వెంటనే వచ్చింది, మనిషి రావడానికి వారం పట్టింది. వచ్చిన కుర్రాడు టీవీ ఆన్ చేసి చూసి, “ప్యానెల్ పోయిందండీ, మార్చాల్సిందే” అన్నాడు. ధర అడిగితే కొన్న ధరలో ముప్పావు వంతు చెప్పాడు. “వెనక మూత విప్పి చూశావా బాబూ?” అంటే, “విప్పక్కర్లేదండీ, ఇది ప్యానెల్ ప్రాబ్లమే” అన్నాడు. టార్చి పెట్టి కదిలే బొమ్మ చూపించాం. తనకు తెలియదని, ఆఫీసులో మాట్లాడుకోమని విజిట్ చార్జీ తీసుకుని వెళ్లిపోయాడు.

ఆ రోజే ఫిర్యాదు సంఖ్య, టార్చి వెలుగులో తీసిన వీడియో, బిల్లు, టీవీ వెనకున్న సీరియల్ నంబరు ఫొటో జతచేసి కంపెనీకి ఈమెయిల్ రాశాం. అడిగింది రెండే: మూత విప్పి చూసి లోపం ఏమిటో రాతపూర్వకంగా చెప్పాలి, పలక మార్చాలంటే ఆ ఎస్టిమేట్ కాగితం మీద ఇవ్వాలి. నాలుగు రోజుల్లో ఇంకో మెకానిక్ వచ్చాడు. మూత విప్పి, ఒక్కో పట్టీకి టెస్టర్ పెట్టి, ఒక పట్టీలో ఒక దీపం పోయిందని తేల్చాడు. ఒక్కటే మార్చకుండా పట్టీలన్నీ మార్చమని ఆయనే చెప్పాడు. ఒకే వయసున్న దీపాలు ఒకదాని వెనక ఒకటి పోతాయి, ప్రతిసారీ పలకను ఊడదీయడం ప్రమాదం. పలుచటి గాజు కాబట్టి ఊడదీసేటప్పుడు పగిలితే బాగుచేసే దారి ఉండదు. పట్టీలు, కూలి కలిపి పలకకు చెప్పిన ధరలో పదో వంతు దగ్గర అయ్యింది. టీవీ ఇప్పటికీ బాగా నడుస్తోంది.

ఏది బాగు చేయించుకోదగిందో, ఏది కాదో ఈ లెక్కతో చెప్పుకోవచ్చు. శబ్దం ఉండి బొమ్మ లేకపోతే బ్యాక్‌లైట్‌ను అనుమానించాలి, బాగు చేయించుకోవాలి. అసలు ప్రాణమే లేకపోతే పవర్ బోర్డు, అది కూడా మార్చుకోదగిందే. తెర మీద నిలువు గీతలు పడితే ఎక్కువసార్లు పలక అంచున ఉండే సన్నటి ఫిల్మ్ కనెక్షన్లు దెబ్బతిన్నట్టు. గాజు పగిలి సాలెగూడులా చారలు పడితే పలక పోయినట్టే. ఈ రెంటికీ ఖర్చు కొత్త టీవీకి దగ్గరగా ఉంటుంది. నిలువు గీతలకు మనమే దారి తీసే సందర్భం ఒకటుంది. తుడిచేటప్పుడు తెర మీద నేరుగా ద్రవం కొడితే అది కిందికి జారి, కింది అంచులో ఉన్న ఆ కనెక్షన్లలోకి దిగుతుంది. మెత్తటి పొడి గుడ్డతో తుడవాలి. మరక ఉంటే గుడ్డను కొద్దిగా తడిపి, బాగా పిండి తుడవాలి.

వారంటీలో ఉన్నప్పుడైనా, తర్వాతైనా కంపెనీ స్పందించకపోతే మన చేతిలో దారులున్నాయి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. అక్కడ ఫిర్యాదు నమోదైతే దాన్ని కంపెనీకి పంపి జవాబు రాబడతారు. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 నాటి చట్టం ప్రకారం మనం నివసించే జిల్లాలోనే కేసు వేయవచ్చు. ఐదు లక్షల లోపు కొన్న వస్తువుకు ఫీజు లేదు. సమస్య వచ్చిన రెండేళ్లలోపు వేయాలి. వీటన్నిటికీ ఆధారం బిల్లు, ఫిర్యాదు సంఖ్య, రాతలో అడిగిన ప్రశ్న. ఫోనులో ఎంత మాట్లాడినా అది సాక్ష్యంగా నిలవదు.

మళ్లీ కొనాల్సి వస్తే

ఇన్నేళ్ల తర్వాత ఈ టీవీకి నా తీర్పు ఇది. బొమ్మ: ఆ ధరకు ఇప్పటికీ బాగుంది, హెచ్‌డీఆర్ మాత్రం పేరుకే. ధ్వని: మొదటి నుంచీ చాలదు, సౌండ్‌బార్ ఖర్చు టీవీ ధరలో కలిపి లెక్కేసుకోవాలి. రిమోట్: బాగానే నిలిచింది, ఒకసారి మార్చుకోక తప్పలేదు. యాప్‌లు: మూడేళ్లే హాయిగా నడిచాయి. సర్వీస్: దానంతట అది బాగాలేదు, రాతపూర్వకంగా అడిగాక కదిలింది.

ఈ లెక్క చూశాక, కొత్తగా కొనేవాళ్లు షోరూములో అడగాల్సిన ప్రశ్నల వరస మారుతుంది. యాప్‌లు ఎన్ని ఉన్నాయి అన్నది చివరి ప్రశ్న. మొదటిది, ఈ కంపెనీకి మా ఊళ్లో సొంత సర్వీస్ సెంటర్ ఉందా, ఉంటే ఎక్కడ. రెండోది, వారంటీ మొత్తం టీవీకి ఎన్నేళ్లు, ప్యానెల్‌కు విడిగా ఎన్నేళ్లు, బ్యాక్‌లైట్ ఆ ప్యానెల్ వారంటీలోకి వస్తుందా రాదా. ఈ మూడో ముక్కను బిల్లు మీద రాయించుకోగలిగితే ఇంకా మంచిది. తర్వాత, టీవీని Movie మోడ్‌లో పెట్టించి, పక్కకు జరిగి చూడాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. అలా మిగిలిన డబ్బును ఇంకాస్త ర్యామ్ కోసమో, మెనూలో కొత్త హంగుల కోసమో పెట్టడం కన్నా మంచి పలక ఉన్న టీవీ మీద పెట్టడం మేలు. యాప్‌లు మందగిస్తే నాలుగు వేల స్టిక్‌తో సరిచేసుకోవచ్చు, ధ్వని చాలకపోతే సౌండ్‌బార్ పెట్టుకోవచ్చు. పలకనూ సర్వీసునూ మాత్రం తర్వాత విడిగా కొనుక్కునే వీలు లేదు. అందుకే ఎంపికంతా ఆ రెంటి మీదే జరగాలి.